నిమిషానికి నూట యాభై

బుధవారం మధ్యాహ్నం పన్నెండున్నరకు ఎల్సాకు వాళ్ళ మమ్మీ ఫోన్ చేసింది. ఆసుపత్రిలో నర్సు ప్రేమకుమారి, డ్యూటీలో ఉండగా ఎప్పుడూ ఫోన్ చెయ్యదు.

"మీ యాప్ మళ్ళీ మాట్లాడట్లేదే. నలుగురు పేషెంట్లు ఇంటికెళ్ళడానికి బ్యాగులు సర్దుకుని కూర్చున్నారు. ముగ్గురికి నేనే చదివి చెప్పాను. నాలుగో ఆవిడకి ఒరియా తప్ప ఇంకేం రాదు. ఇన్సులిన్ సంగతి సైగలతో ఎలా చెప్పను?"

"ఇంకో ఐదు నిమిషాలు ఆగి నొక్కు మమ్మీ. వచ్చేస్తుంది."

"నిన్న కూడా ఇదే అన్నావ్," అని ప్రేమకుమారి పెట్టేసింది.

ఎల్సా పనిచేసే కంపెనీలో మొత్తం నలుగురు. దేశ రాజధాని శివారు ద్వారకలో ఒక సొసైటీ ఫ్లాటే ఆఫీసు. పేషెంటును ఇంటికి పంపేటప్పుడు ఆసుపత్రి ఇచ్చే కాగితాన్ని, అంటే ఏ మందు ఎప్పుడు వేసుకోవాలి, ఏం తినకూడదు లాంటివన్నీ, వాళ్ళ సొంత భాషలో గొంతుతో వినిపించడం వాళ్ళ పని. ఆ గొంతు మాత్రం వాళ్ళది కాదు. వాక్యం పంపితే మాటగా మార్చి ఇచ్చే పెద్ద కంపెనీ ఒకటుంది, దాని సేవను ఏపీఐ ద్వారా తమ యాప్‌కు కలుపుకుని వాడుకుంటారు. ఆ కంపెనీ పెట్టిన హద్దు, వాక్యానికొకటి చొప్పున, నిమిషానికి అరవై రిక్వెస్టులు. అది దాటితే ఎర్రర్ నంబరు 429 వస్తుంది, అంటే 'ఎక్కువ అడుగుతున్నారు, కాసేపు ఆగండి' అని.

ఈ యాప్ వాడే ఐదు ఆసుపత్రులూ పేషెంట్లను పంపేది పొద్దున పదకొండు నుంచి ఒంటిగంట లోపే. ఆ రెండు గంటలే గండం. పైగా సోమవారం నుంచి ఆరో ఆసుపత్రి వస్తోంది, అన్నిటికంటే పెద్దది.

కంపెనీ పెట్టిన రఘువీర్‌ది వరంగల్. హద్దు పెంచమని అప్పటికే రెండు మెయిళ్ళు పెట్టాడు. రెండింటికీ ఒకటే ఆటోమేటిక్ జవాబు వచ్చింది: మీ వాడకం లెక్కలతో ఫారం నింపండి, పరిశీలిస్తాం.

"గీసారి లెక్కలు గట్టిగ పెడదాం," అన్నాడతను, ల్యాప్‌టాప్ ఎల్సా వైపు తిప్పి. "రోజుకు పధ్నాలుగు వేల రిక్వెస్టులు. ఒక్క నిమిషంల మూడొందల నలభై దాంక పోయింది. ఆరు వందలు కావాలని అడుగుత. నువ్వు ఒక్కపాలి లాగ్స్ చూసి నంబర్లు సరి చెయ్యి, చాలు."

గురువారం పొద్దున్నే ఎల్సా లాగ్స్, అంటే ప్రతి రిక్వెస్టూ నమోదయ్యే చిట్టా, తెరిచింది. మూడు వందల నలభై వచ్చిన ఆ నిమిషాన్నే వరస వరసా చదివింది. ఒకటే వాక్యం ఆరుసార్లు వెళ్ళింది. దాని కింద ఇంకోటి, అదీ ఆరుసార్లే. వాటి మధ్య సెకను కూడా తేడా లేదు.

రిక్వెస్టులు పంపే ఆ కోడ్ తను రాసిందే. కంపెనీ మొదలైన నెలలో, ఒక్క ఆసుపత్రే ఉన్నప్పుడు, హడావిడిగా రాసింది: కాదంటే వెంటనే మళ్ళీ అడుగు, ఐదుసార్ల దాకా. అటువైపు కాసేపు ఆగమన్న కొద్దీ ఇటువైపు నుంచి తలుపు బాదుతూనే ఉంది. తిరగ్గొట్టిన రిక్వెస్టులు కూడా అరవైలో లెక్కే. అంటే ఆ ఇరుకులో సగం తనే తయారుచేసింది.

నిజంగా కావలసినవి లెక్కపెట్టింది. రోజుకు పదకొండు వందల కాగితాలు, కాగితానికి ఎనిమిది వాక్యాలు, ఎనిమిది వేల ఎనిమిది వందలు. ఆ ఘోరమైన నిమిషంలో అసలు అవసరం నూట పది.

రఘువీర్ బాల్కనీలో ఫోన్‌లో ఉన్నాడు. కొత్త ఆసుపత్రి వాళ్ళకు "ఏం ఫికర్ చెయ్యకండి సార్" అని చెప్తున్నాడు. అతను లోపలికి వచ్చేదాకా ఎల్సా నిలబడే ఉంది.

"అన్నా, తప్పు నాది," అని మొత్తం చెప్పేసింది.

రఘువీర్ కుర్చీలో కూలబడ్డాడు. "మూడు వారాల సంది ఆసుపత్రులకు నేను ఆ కంపెనీదే తప్పని చెప్తున్న," అన్నాడు. "సరే. అది తర్వాత. కానీ ఉత్తరంల పాత నంబరే ఉంచుదాం. అబద్ధం కాదు కద, పంపినమాట నిజమే. ఎక్కువ అడిగితేనే వాళ్ళు కొంత తగ్గించి ఇస్తరు."

"ఇది సరోజినీ నగర్ బజార్లో కుర్తీ బేరం కాదన్నా. మనం పంపినవన్నీ వాళ్ళ దగ్గరా కనపడతాయి. తెరిచి చూస్తే నాకు కనపడిందే వాళ్ళకీ కనపడుతుంది. అప్పుడు మూడో మెయిల్‌కి కూడా ఫారం నింపమనే అంటారు."

అతను తెర మీది ఆరు వరసల వంక చూశాడు. "అయితే నువ్వే రాయి," అన్నాడు.

ముందు కోడ్ మార్చింది. 429 వస్తే, ఎన్ని సెకన్లు ఆగాలో జవాబులోనే ఉంటుంది. అంతసేపు ఆగి, ఆపైన ప్రతిసారీ మరింత ఎడం ఇచ్చి అడిగేలా చేసింది. తర్వాత ఉత్తరం మొదలుపెట్టింది. ఇంగ్లీషులో రాసిన దాని సారం ఇది:

"మా ప్రస్తుత హద్దు నిమిషానికి 60. గత నెల మీకు రోజుకు సుమారు 14,000 రిక్వెస్టులు పంపాం. నిజంగా అవసరమైనవి 8,800. మిగతావి మా తప్పు: ఆగకుండా మళ్ళీ మళ్ళీ అడిగాం. ఈరోజు సరిదిద్దాం. 'భోజనం తర్వాత వేసుకోండి' లాంటి వాక్యాలు ప్రతి కాగితంలోనూ ఉంటాయి. వాటి ఆడియో మా దగ్గర దాచుకుంటే కాగితానికి ఎనిమిది కాదు, ఐదు రిక్వెస్టులు చాలు. మీ నిబంధనలు దానికి ఒప్పుకుంటాయో లేదో చెప్పండి. ఒప్పుకుంటే, సోమవారం కొత్త ఆసుపత్రితో కలిపి రోజుకు 1,500 కాగితాలు, 7,500 రిక్వెస్టులు. అత్యధికంగా ఒక నిమిషంలో 94 ఉంటాయని మా అంచనా. ఆ రద్దీ పన్నెండు నిమిషాలు సాగితే, 60 హద్దుతో చివరి పేషెంటు దాదాపు ఏడు నిమిషాలు ఎదురుచూడాలి. ఇంటికి బయల్దేరిన మనిషి అంతసేపు ఆగడు, వినకుండానే వెళ్ళిపోతాడు. నిమిషానికి 150 కోరుతున్నాం. పేషెంట్ల పేర్లు మేము పంపం. గంటలవారీ లెక్కలు జతచేశాం."

రఘువీర్ రెండుసార్లు చదివాడు. "మా తప్పు" అన్న చోట వేలు ఆగింది. తీసెయ్యమంటాడేమో అనుకుంది. "కింద నా పేరు కూడ పెట్టు," అన్నాడు, ఆమె పెట్టాక తనే పంపేశాడు.

శుక్రవారం ఎవరికీ పని మీద మనసు నిలవలేదు. మధ్యాహ్నం మూడున్నర దాటాక జవాబు వచ్చింది. ఎల్సాకు తెరవడానికి ధైర్యం చాలక రఘువీర్‌నే చదవమంది. ఈసారి రాసింది మనిషే, కింద అరుంధతి అని సంతకం ఉంది.

"మీ లెక్కలు మా దగ్గరున్న వాటితో సరిపోయాయి. ఇలా విడదీసి రాసేవాళ్ళు అరుదు. మీ హద్దు ఇప్పటి నుంచే నిమిషానికి 150. మీ ప్లాన్‌లో ఆడియో దాచుకోవచ్చు. రెండు వారాలు వరసగా 120 దాటుతుంటే మళ్ళీ రాయండి."

ఎల్సా వెంటనే ఒక పరీక్ష రిక్వెస్టు పంపింది. జవాబు పైన హద్దు 150 అని, మిగిలినవి 149 అని వచ్చింది. రెండు చేతుల్తో ముఖం మూసుకుని నవ్వింది. రెండు రోజులుగా భుజాలు అంత బిగబట్టి కూర్చుందని అప్పుడే తెలిసిందామెకు.

"ఆరు వందలు అడిగుంటే?" అన్నాడు రఘువీర్.

"ఇంకా ఫారం నింపుతూ ఉండేవాళ్ళం."

శని, ఆదివారాల్లో ఆడియో దాచుకునే పని పూర్తిచేసి, సోమవారం పదకొండుకు నలుగురూ ఒకే తెర ముందు కూర్చున్నారు. పదకొండూ నలభైకి నిమిషానికి డెబ్భై ఎనిమిది. పన్నెండూ పదికి తొంభై ఏడు. తిరగ్గొట్టినవి సున్నా. పన్నెండూ ఇరవైకి అంకె దిగడం మొదలైంది.

ఒంటిగంటకు రఘువీర్ పాత ఐదు ఆసుపత్రులకూ వరసగా ఫోన్లు చేశాడు. "మూడు వారాలు ఇబ్బంది పెట్టింది మా కోడే సార్, వేరే ఎవ్వరి తప్పు కాదు. ఇప్పుడు సరైంది," అని ప్రతి ఒక్కరికీ చెప్పాడు. ఒకాయన బాగానే గట్టిగా అరిచినట్టున్నాడు, ఫోను చెవికి దూరంగా పట్టుకున్నాడు.

అన్నీ అయ్యాక వచ్చి ఎల్సా పక్కన కూర్చున్నాడు. "తినొద్దాం పద," అన్నాడు. "ఈ టైముకు బయటికి పోక నెలయింది."

లిఫ్టు దగ్గర ఎల్సా ఎర్రర్లు చూద్దామని అలవాటుగా ఫోన్ తీసి, తెర వెలిగించకుండానే మళ్ళీ బ్యాగులో పడేసింది.