నూటికి పదహారు

వరద నీరు దిగిపోయి నాలుగు రోజులైనా కొట్టు తలుపు సగమే తెరుచుకుంటోంది. నీళ్ళు తాగి ఉబ్బిన నోటుపుస్తకాలు చెక్క అరల్ని చీల్చుకుని వచ్చి తలుపు వెనక గుట్టగా పడ్డాయి. గోడమీద ఛాతీ ఎత్తున బురద గీత. ఆ గీతకింద ఉన్నదంతా ముద్ద. ఏది వంద పేజీలది, ఏది రెండువందలది అని ఇక ఎవరూ చెప్పలేరు.

ఇన్సూరెన్సు సర్వేయరు పక్కవాకిలి నుంచి వచ్చి, ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, ఒళ్ళో కాలిక్యులేటర్ పెట్టుకున్నాడు. ఆడిటర్ దగ్గర నుంచి తెచ్చిన కాగితాలు ఆ ఇంటి కోడలు ఒక్కొక్కటే అందిస్తోంది. కొట్టు పుస్తకాలు నానిపోయినా, కొన్న బిల్లుల జాబితా, అమ్మకాల జాబితా ఆడిటర్ కంప్యూటర్లో భద్రంగా ఉన్నాయి. భర్త మెట్టుమీద తల దించుకుని కూర్చున్నాడు. మామగారు మాత్రం నిలబడే ఉన్నారు. ముప్ఫై ఏళ్ళ ఉద్యోగం విరమించగా చేతికొచ్చిన మొత్తమంతా ఈ కొట్టులో పోసిన మనిషి.

"లెక్కపెట్టడానికి మీదగ్గర ఏమీ మిగల్లేదు కదమ్మా. ఇలాంటప్పుడు మేం అంచనా కడతాం" అన్నాడు సర్వేయరు. "ఏడాది మొదట్లో ఉన్న సరుకు, ఆ తర్వాత కొన్నది కలుపుతాం. అందులోంచి అమ్మిన సరుకు అసలు ధర తీసేస్తాం. మిగిలిందే నీళ్ళలో పోయినట్టు."

"ఏడాది మొదట్లో ఆరు లక్షలు సార్, ఆడిటరే వచ్చి లెక్కపెట్టారు. కొన్నది పద్నాలుగు. అమ్మింది పదహారు."

"అమ్మింది మీ అమ్మకం ధర. అందులో లాభం తీసేస్తేగానీ అసలు తెలీదు. లాభం ఎంత వేసుకుంటారు?"

ఇది నిద్రలో లేపి అడిగినా ఆమె చెప్పగలదు. స్టిక్కర్లు అంటించేది ఆమే. "డెబ్బై అయిదుకి కొన్నదానిమీద వంద అని అంటిస్తాను సార్. నూటికి పాతిక."

నూటికి పాతిక లాభమైతే పదహారు లక్షల అమ్మకంలో అసలు పన్నెండు. ఇరవైలోంచి పన్నెండు పోతే ఎనిమిది లక్షలు. ఆ లెక్క ఆమె రాత్రే వేసుకుంది. కాగితం కంపెనీకి కట్టాల్సింది ఏడున్నర. అది కడితేనే కొత్త సరుకు ఇస్తారు. ఇరవై రోజుల్లో దసరా సెలవులైపోయి స్కూళ్ళు తెరుస్తారు. ఆ నెల అమ్మకం పోతే కొట్టుకి తాళమే.

సర్వేయరు కాగితాలు తిరగేసి పెదవి విరిచాడు. "అంతకుముందు రెండేళ్ళూ పాతికే వచ్చింది. పోయినేడు మాత్రం ఇరవై లక్షల అమ్మకంమీద స్థూల లాభం మూడు లక్షల ఇరవై వేలే. నూటికి పదహారు. దగ్గరి ఏడాదిదే నేను తీసుకోవాలి."

కాలిక్యులేటర్ మీద అతని వేలు ఆడుతుంటే ఆమె వంగి అంకెలు చూసింది.

"అమ్మినదాని అసలు పదమూడు లక్షల నలభై నాలుగు వేలు. మిగిలిన సరుకు ఆరు లక్షల యాభై ఆరు వేలు."

అంటే కాగితం కంపెనీ బాకీకే దాదాపు లక్ష తక్కువ.

"అదెలా సార్? పోయినేడూ అవే ధరలు!"

"ధరలు తగ్గించలేదంటారు. పాత సరుకేమన్నా నష్టానికి వదిలించుకున్నారా? అలాంటిది ఉంటే విడిగా తీసేసి, మామూలు అమ్మకానికే లాభం కడతాను."

మామగారు ముందుకొచ్చారు. "మా కొట్లో అలాంటి బేరాలుండవండీ. సిలబస్ మారి గైడ్లు మిగిలిపోతే, అవి కూడా మావాడు పబ్లిషరుకి తిప్పి పంపించేశాడు. పైసా నష్టం లేకుండా."

"మరైతే మిగిలింది ఒకటే దారి" అన్నాడు సర్వేయరు, ఎవరి మొహమూ చూడకుండా. "సరుకు వెళ్ళింది, డబ్బు లెక్కలోకి రాలేదు."

మామగారు మెల్లగా కోడలివైపు తిరిగారు.

"మధ్యాహ్నాలు గల్లాపెట్టె దగ్గర కూర్చునేది నువ్వే కదమ్మా?"

ఆమెకి మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక అందించబోతున్న కాగితం వెనక్కి తీసుకుంది.

"మామయ్యగారూ, ఏమంటున్నారు మీరు?"

"నేనేమీ అనట్లేదు. పోయినేడు మీ చెల్లెలి ఆపరేషన్ అన్నావు. అడిగితే నేనిచ్చేవాణ్ణిగా?"

ఆమె భర్తవైపు చూసింది. ఆయన చెప్పులకంటిన బురద గీక్కుంటున్నాడు. ఆ ఆపరేషన్‌కి ఆమె గాజులు తాకట్టు పెట్టిందని ఆయనకి తెలుసు. పక్కన కూర్చుని సంతకం పెట్టింది ఆయనే.

"మీరు చెప్పండి" అంది. "ఏవండీ, మిమ్మల్నే!"

సర్వేయరు కాగితాలు సర్దుకోవడం మొదలుపెట్టాడు. సంచి జిప్పు సగం లాగాడు. అప్పుడు భర్త నోరు విప్పాడు, బురదతో మాట్లాడుతున్నట్టుగా.

"గైడ్లు తిప్పి పంపలేదు."

"ఏంటీ?" అన్నారు మామగారు.

"పబ్లిషరు తీసుకోనన్నాడు నాన్నా. మూడువేల గైడ్లు. నువ్వు వద్దన్నా కొన్నాను కదా. రెండు లక్షల పదివేలు పెట్టి కొన్నవి పాతకాగితాల వాడికి నలభై వేలకి తూకానికి వేశాను. నోటుపుస్తకాలు అమ్మినట్టు బిల్లు రాశాను."

మామగారు అరని పట్టుకున్నారు. అది తడికి ఊగింది.

"ఒరేయ్, ఏడాదిగా నలుగురి దగ్గరా నీ గొప్ప చెప్పుకున్నాను కదరా!"

సర్వేయరు మళ్ళీ కూర్చున్నాడు. "మాట చాలదు సార్. బిల్లులో నోటుపుస్తకాలని ఉంది. కాగితం కావాలి. తూకం చీటీ ఏది?"

"ఇక్కడే సొరుగులో..." ఆయన చూపించిన చోట సొరుగూ లేదు, బల్లా లేదు.

"సాయంత్రం అయిదుకి రిపోర్టు పంపాలి."

ఆమె అప్పటికే వీధిలో ఉంది.

పాతకాగితాల కొట్టు ఎత్తుమీద ఉంది కాబట్టి మునగలేదు. కొట్టువాడు ఆమె చెప్పింది విని, అరిగిపోయిన రిజిస్టరు తీసి, వేలు తడిచేసుకుంటూ పేజీలు తిప్పాడు. ఒక్కో పేజీకీ ఒక్కో కబురు. "మీ ఆయన మొహం చూసి దొంగసరుకేమో అని భయపడ్డానమ్మా. కొత్త పుస్తకాలు, అట్ట కూడా నలగలేదు. ఇదిగో, చూడండి!"

గైడ్లు, రెండువేల కిలోలు, కిలో ఇరవై, నలభై వేలు. కింద ఆయన సంతకం. తేదీ కూడా ఆయన రాసిన నోటుపుస్తకాల బిల్లుదే. ఆ పేజీ నకలు, పబ్లిషరు కొట్టు నుంచి తెప్పించిన ఖాతా కాగితం పట్టుకుని ఆమె తిరిగొచ్చేసరికి నాలుగున్నర. ఖాతాలో మూడువేల గైడ్లు వెళ్ళినట్టుంది, ఒక్కటీ తిరిగొచ్చినట్టు లేదు.

సర్వేయరు మళ్ళీ మొదలుపెట్టాడు. పోయినేటి ఇరవై లక్షల అమ్మకంలోంచి నలభై వేలు తీసేశాడు. గైడ్ల మీద పోయిన లక్షా డెబ్బై వేలు లాభానికి తిరిగి కలిపాడు. పంతొమ్మిది లక్షల అరవై వేల అమ్మకం, నాలుగు లక్షల తొంభై వేల లాభం.

"పాతిక. సరిగ్గా నూటికి పాతిక." మొదటిసారి నవ్వాడు. "మీ స్టిక్కర్లు అబద్ధం చెప్పలేదమ్మా. సరుకు ఎనిమిది లక్షలని రాస్తున్నాను. పాలసీ పది లక్షలకి ఉంది, సరుకు అంతకి లోపే కాబట్టి కోత పడకూడదు. పైవాళ్ళు ఏమంటారో మాత్రం నా చేతిలో లేదు."

అతను వెళ్ళాక ముగ్గురూ మిగిలారు. భర్త ఆమె చేతిలోని కాగితాలు అందుకోబోయాడు. ఆమె ఇవ్వలేదు.

"జిప్పు సగందాకా వచ్చేవరకూ ఊరుకున్నారు" అంది.

ఆయన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

మామగారు గొంతు సవరించుకున్నారు. "అదేదో కంగారులో నోరు జారానమ్మా. సరుకు రాగానే నువ్వెప్పటిలాగే..."

"స్టిక్కర్లు అంటిస్తాను మామయ్యగారూ. గల్లాపెట్టె దగ్గర మాత్రం ఇక నేను కూర్చోను. మధ్యాహ్నాలు మీరే కూర్చోండి."

"నాకు మధ్యాహ్నం నిద్రొస్తుంది కదమ్మా" అన్నారాయన దీనంగా.

ఆమె కాగితాలు కొంగులో చుట్టి నడుముకి దోపుకుంది. తలుపు వెనక గుట్ట దగ్గర కూర్చుని, తడిసిన ముద్దని రెండు చేతులా ఎత్తి వీధిలోకి వెయ్యడం మొదలుపెట్టింది.