టెక్నికల్ రౌండులో ఆమెన్

గ్లోరికి ఇది మూడో కంపెనీ. మొదటి రెండూ టెక్నికల్ రౌండులోనే పోయాయి. ఇదీ పోతే తిరువూరులో ప్రైవేటు బడికి టీచరుగా వెళ్తానని ఇంట్లో మాటిచ్చింది. బడివాళ్ళు అప్పటికే రెండుసార్లు కబురు పెట్టారు.

"నువ్వెందుకు పోయావో తెలుసా? తెలీదని వాళ్ళ మొహం మీదే చెప్పేస్తుంది, నీ మొహం," అన్నాడు డానీ.

డానీ ఆమె మేనత్త కొడుకు. వినగడప నుంచి పొద్దున్నే మోటారు సైకిలు మీద దిగాడు. విజయవాడలో ఆరు నెలలు కోచింగు తీసుకున్నాడు. ఉద్యోగం రాలేదు గాని కిటుకులు వచ్చాయి.

"మరి తెలీకపోతే ఏం చెయ్యాలి బావా?"

"నీకు తెలియాల్సిన పనేముంది? నాకు ఫోనుంది."

ఇయర్‌ఫోన్లు పెట్టుకోకూడదని కంపెనీవాళ్ళు ముందే చెప్పారు. అదీ మంచికే అన్నాడు డానీ. లాప్‌టాప్ గట్టిగా మాట్లాడుతుంది, లోపలి గది కర్టెన్ వెనక నిలబడి తను వింటాడు, జవాబు వెతికి వాట్సాప్‌లో పంపిస్తాడు. గ్లోరి ఫోనును లాప్‌టాప్ తెర అంచుకు జడ రబ్బరుతో బిగించాడు. నాయనమ్మ ప్రేమావతి పెనుగొలనులో స్త్రీల ప్రార్థన కూడికకు వెళ్ళింది. ఇల్లు నిశ్శబ్దంగా ఉంది.

ఇంటర్వ్యూ చేసేవాడి పేరు గిరిబాబు. కెమెరా పెట్టుకోలేదు. తెర మీద గుండ్రంలో ఒక అక్షరం, వెనక నుంచి నింపాదైన గొంతు. అంతే ఆయన.

మొదటి ప్రశ్నకు డానీ జవాబు నీళ్ళలా వచ్చింది. గ్లోరి చదివేసింది. ఎక్కడా తడుముకోలేదు. అదే తప్పయింది.

"చాలా బాగా చెప్పారు. కామాలు కూడా వినిపించాయి," అన్నాడు గిరిబాబు. "ఇప్పుడో పని చేయండమ్మా. కళ్ళు మూసుకోండి."

"సార్?"

"మూసుకునే చెప్పండి. ఇంగ్లీషులోనే అక్కర్లేదు. ఆలోచన ఏ భాషలో వస్తే ఆ భాషలో."

గ్లోరి తల కాస్త వంచి కళ్ళు మూసుకుంది. కర్టెన్ వెనక డానీ వేళ్ళు ఆగిపోయాయి.

"మీ దగ్గరికి పేర్లు ఒకదాని తర్వాత ఒకటి వస్తుంటాయి. ఎన్ని వస్తాయో ముందు తెలియదు. పోయిన పేరు మళ్ళీ రాదు. మీ దగ్గర ఒక్క పేరు దాచుకోవడానికే చోటు. ఎప్పుడు ఆపేసినా మీ దగ్గరున్న పేరు చెప్పాలి. అప్పటిదాకా వచ్చిన ప్రతి పేరుకూ సమానమైన అవకాశం ఉండాలి. ఎలా?"

సరిగ్గా అప్పుడే వీధి తలుపు తోసుకుని ప్రేమావతి వచ్చింది. కూడిక రద్దయిందట. లోపల మనవరాలు లాప్‌టాప్ ముందు తల వంచి కళ్ళు మూసుకుని ఉంది. ఎదురుగా మొహం లేని పెద్దమనిషి గొంతు. కరోనా నాటి నుంచీ ప్రేమావతి ఇలాంటి ఆన్‌లైన్ ప్రార్థనలు చాలా చూసింది. చప్పుడు చేయకుండా చెప్పులు విడిచి, కొంగు తల మీదికి లాక్కుని, కెమెరాకు పక్కగా నేల మీద కూర్చుని తనూ కళ్ళు మూసుకుంది.

డానీ కర్టెన్ సందులోంచి చేతులు ఊపాడు. చూడటానికి అక్కడ తెరిచిన కళ్ళు లేవు.

"నాకు తెలీదు సార్," అంది గ్లోరి.

"ప్రభువా," అని ప్రేమావతి పెదాల మధ్యే అనుకుంది.

"అయితే వదిలేద్దామా?"

"వద్దు సార్. తెలీదు, కానీ చిన్నగా మొదలుపెట్టి చూస్తా. ఎన్ని వచ్చాయో లెక్కపెట్టుకోవచ్చా?"

"పెట్టుకోవచ్చు."

"ఒక్క పేరే వస్తే అదే ఉంచుకుంటా. రెండోది వస్తే బొమ్మాబొరుసూ వేస్తా. బొమ్మ పడితే కొత్తది, బొరుసు పడితే పాతది. చెరిసగం. మూడోదొస్తే మళ్ళీ బొమ్మాబొరుసూ..." ఆగింది. "కాదు సార్, తప్పు. అప్పుడు మూడోదానికే సగం పోతుంది. మొదటి రెండిటికీ తలో పావే."

"మరి?"

గ్లోరి వేళ్ళ మీద లెక్క వేసుకుంది. గిరిబాబు తొందరపెట్టలేదు. ప్రేమావతికి ఆ నిశ్శబ్దం బాగా నచ్చింది.

"మూడోదానికి మూడో వంతే ఇవ్వాలి. మూడు చీటీలేసి ఒకదాని మీద గుర్తు పెడతా. గుర్తున్నది తగిలితేనే కొత్త పేరు. లేకపోతే పాతదే ఉంటుంది. అంటే పాతది నిలబడేది మూడింట రెండొంతులు. మొదటి రెండిటికీ చెరి సగం ఉంది కదా. సగంలో మూడింట రెండొంతులంటే... మూడో వంతు! ముగ్గురికీ సమానం సార్!"

"స్తోత్రం," అంది ప్రేమావతి, ఈసారి కాస్త పైకే.

గ్లోరికి వినపడలేదు. ఊపులో ఉంది. "పదోది వస్తే పది చీటీలు. అంతకుముందు తొమ్మిదింటికీ తలో తొమ్మిదో వంతు. పాతది నిలబడేది పదింట తొమ్మిదొంతులు. తొమ్మిదికి తొమ్మిది కొట్టేస్తే పదో వంతు. ఎన్నొచ్చినా అంతే సార్!"

"ఆమెన్!" అంది ప్రేమావతి గట్టిగా.

గ్లోరి కళ్ళు తెరిచింది.

"ఎవరది? ఎవరో చెప్తున్నారు మీకు. లాప్‌టాప్ పక్కకి తిప్పండి," అన్నాడు గిరిబాబు.

తిప్పింది. ప్రేమావతి లేచి తెరకు చేతులు జోడించింది. "వందనాలండి అయ్యగారూ. పిల్ల తెలీదు తెలీదంటుంటే ఎంత ఓపిగ్గా విన్నారండీ! దీని ఉజ్జోగం గురించి కూడా ఒక్క మాట ప్రార్థించండి. ఇంతకీ తమరిది ఏ సంఘమండీ?"

"సంఘం కాదమ్మా, కంపెనీ," అన్నాడు గిరిబాబు. దగ్గో నవ్వో ఒకటి వచ్చి ఆగింది. "మీ వెనక కర్టెన్ కింద రెండు కాళ్ళున్నాయి. అవెవరివి?"

ప్రేమావతి తిరిగి చూసింది. "మా డానీవండి. వాడికి సిగ్గు. ప్రార్థనంటే ముందుకి రాడు."

కాళ్ళు ఒకదాని మీదికి ఒకటి ఎక్కి దాక్కోవడానికి ప్రయత్నించాయి.

నాయనమ్మ తెలియకుండానే గట్టెక్కించింది. గ్లోరి ఊరుకుంటే సరిపోయేది. లాప్‌టాప్‌ను తన వైపు తిప్పుకుంది.

"సార్, మొదటి జవాబు నాది కాదు. ఫోనులో చూసి చదివాను. ఆ కాళ్ళు పంపించాయి. రెండోది మాత్రం నాదే."

"ఓసి నీ..." అంది కర్టెన్.

గిరిబాబు వైపు నుంచి కీబోర్డు చప్పుడైంది. "మొదటిదానికి సున్నా వేస్తున్నా. ఎందుకో కూడా రాస్తున్నా. ఆ ఫోను పక్క గదిలో పెట్టి రండి."

రబ్బరు లాగితే తెగి డానీ కాళ్ళ దగ్గర పడింది. గ్లోరి ఫోను లోపలి గదిలో పెట్టి వచ్చి కూర్చుంది.

"ఒక్క పేరు కాదు, పది పేర్లు దాచుకునే చోటుంది. అన్నిటికీ సమాన అవకాశం ఉండేలా పది పేర్లు కావాలి. ఎలా?"

"తెలీదు సార్," అంది గ్లోరి, ఈసారి చటుక్కున. "మొదటి పదీ ఉంచేసుకుంటా. పదకొండోది వచ్చిందనుకుందాం. దానికి పదకొండింట పదొంతులు అవకాశం ఉండాలి. లోపలికొస్తే ఎవర్ని తీసెయ్యాలి... ఎవరో ఒకర్ని, పది మందికీ చీటీలేసి."

"చాలు," అన్నాడు గిరిబాబు. "తర్వాతి రౌండు హైదరాబాదులో, మా ఆఫీసులో. ఎదురెదురుగా. ఒక్కరే రావాలి."

"ఆడపిల్లని ఒక్కదాన్నే ఎట్టా పంపుతానండీ?" అని ప్రేమావతి మధ్యలోకి వచ్చింది. "నేనూ వస్తా. లోపలికి రానిస్తారా, బయట కూర్చోబెడతారా?"



"అది నాకు తెలీదమ్మా," అన్నాడు గిరిబాబు. "హెచ్‌ఆర్‌ను అడిగి చెప్తా."