బాత్రూం మూలన తొలి స్నానం

పాపకు బొడ్డు ఊడింది. కుట్లు మానని భార్య వంగకుండా చూసేందుకు అతను బాత్రూంలో స్టాండ్ మీద పాప టబ్ పెట్టాడు. నేల తూము వైపు వాలుగా ఉండడంతో అది ఊగింది. గోడ దగ్గర సమంగా ఉన్నచోటికి జరిపి, టబ్ అడుగున నీళ్లు పోయే గొట్టాన్ని తూములోకి వదిలి, బిరడా బిగించాడు. ముందు చన్నీళ్లు, ఆపైన వేణ్ణీళ్లు పోశాడు.

అత్తగారు మోచెయ్యి ముంచి, "ఇంకా వేడిగానే ఉన్నాయి బాబూ, కాసిని చన్నీళ్లు కలపండి," అంది.

గోరువెచ్చనయ్యాక, తలకింద చెయ్యిపెట్టి భార్య పాపను మెల్లగా దించింది. ఏడుపు ఆగిపోయింది. నీటి వెలుగు పైకప్పు మీద కదులుతోంది. పాప కాళ్లు నిదానంగా తేలాయి.

"నా లోపల కూడా ఇలాగే కదిలేది," అంది భార్య, కలలో మాట్లాడుతున్నట్టు.

పాపను తువ్వాలులో చుట్టాక అతను బిరడా తీశాడు. నేల తడవకుండా నీళ్లు సన్నగా వెళ్లిపోతుంటే, ముగ్గురూ కదలకుండా ఆ చప్పుడు వింటూ నిలబడ్డారు.