బెదిరించినవాళ్ళు లేని ఒప్పందం

విదేశాంగ మంత్రి రాకాన్ మంగళవారం నాడు, వచ్చినవాళ్ళను కూర్చోబెట్టి మొర వినే తన మజ్లిస్‌లో నోరు జారాడు. సరిహద్దు నుంచి వచ్చిన ఒంటెల కాపరులు కాఫీ తాగుతూ, హనష్ బావి దగ్గర నీళ్ళు తోడుకోవడానికి పక్క దేశం సిపాయిలను బతిమాలుకోవలసి వస్తోందని మొర పెట్టుకున్నారు. అది ముప్పై ఒక్కేళ్ళ నాటి సరిహద్దు ఒప్పందం తెచ్చిన తంటా. ఎంతైనా వాళ్ళు తన జిల్లా వాళ్ళు. "ఆ ఒప్పందం చెల్లదని చెప్పేస్తాం, మీరు దిగులు పడకండి" అనేశాడు మంత్రి. కాపరులు దీవించి వెళ్ళిపోయారు. గురువారం మంత్రివర్గ సమావేశంలో పెట్టడానికి కాగితాలు సిద్ధం చేసే పని మాత్రం ఒప్పందాల విభాగంలో పనిచేసే షురూఖ్ నెత్తిన పడింది.

షురూఖ్‌కి ఇరవై తొమ్మిదేళ్ళు. మాట తక్కువ, చదువు ఎక్కువ. బుధవారం పొద్దున్నే ఒప్పందం ముందు వేసుకుని, దాన్ని చెల్లకుండా చేయడానికి ఎన్ని దారులున్నాయో లెక్క చూసుకుంది. ఒప్పందాల కోసం దేశాలన్నీ రాసుకున్న వియన్నా ఒడంబడిక దారులైతే చూపిస్తుంది గానీ, ఒక్కో దారికీ ఒక్కో తాళం వేసి పెట్టింది.

మోసం అందామంటే, మోసం చేసింది అవతలి దేశం అయి ఉండాలి. హనష్ బావిని అసలు చోటు కంటే రెండు మైళ్ళు ఉత్తరాన చూపించిన పటం గీసింది ఎవరు? మన సర్వే శాఖే. పటం మూల మీద మన శాఖ ముద్ర కూడా నిక్షేపంగా ఉంది. పొరపాటు అందామంటే, ఆ పొరపాటులో మన చెయ్యి ఉండకూడదు. ఇక్కడ చెయ్యేమిటి, కాళ్ళూ తలా కూడా మనవే.

ఇక మిగిలింది బెదిరింపు. సంతకం పెట్టే ప్రతినిధిని భయపెట్టి పెట్టించుకుంటే ఆ సంతకానికి విలువే లేదు. ఎన్నేళ్ళు గడిచినా, మధ్యలో ఎంతమంది ఊరుకున్నా, ఆ మచ్చ పోదు. మంత్రి కన్ను పడింది కూడా దీని మీదే. ముప్పై ఒక్కేళ్ళుగా శాఖలో ఒక కథ తిరుగుతోంది: సరిహద్దు విడిదింట్లో మన ప్రతినిధిని మూడు గంటలు గదిలో పెట్టి తాళం వేశారనీ, బయటికి వచ్చేసరికి సంతకం అయిపోయిందనీ.

ఆ ప్రతినిధి ఖలఫ్. ఇప్పుడు డెబ్బై ఎనిమిదేళ్ళ విశ్రాంత రాయబారి. షురూఖ్‌కి ఒప్పందాలు చదవడం నేర్పింది ఆయనే.

మధ్యాహ్నానికి ప్రమాణపత్రం తయారైంది. నన్ను గదిలో బంధించారు, భయపెట్టారు, ప్రాణభయంతో సంతకం పెట్టాను అని మూడు వాక్యాలు. మంత్రి కార్యాలయం వాళ్ళే రాసి పంపారు. సంతకం తెచ్చే పని ఆమెది. ఖలఫ్ సంతకం పెడితే, భయపడి బావిని ధారపోసిన పిరికివాడిగా పిల్లల పుస్తకాల్లోకి ఎక్కుతాడు. పెట్టకపోతే, ఇష్టపడి ధారపోసినవాడని శనివారానికల్లా పత్రికలు రాస్తాయి. ఎటు చూసినా ముసలాయన పరువే పోయేది. దారి పొడుగునా షురూఖ్ బుర్రలో ఇదే నలిగింది.

ఖలఫ్ ఇంటి వెనక నీడలో కూర్చుని బెండకాయలు తరుగుతున్నాడు. ఆమె కూర్చోగానే ఖర్జూరాలు ముందుకు తోసి, కాగితం అందుకుని, కళ్ళజోడు లేకుండానే చదివేశాడు. కోపం తెచ్చుకోలేదు. కాగితాన్ని తిరగేసి వెనక వైపు ఏమైనా ఉందేమో కూడా చూశాడు.

"మూడు గంటలు అన్నది నిజమేనమ్మాయీ," అన్నాడు. "తాళం మాత్రం ఎవరూ వెయ్యలేదు. తలుపు పిడి ఊడి నా చేతిలోకి వచ్చింది."

"మీ చేతిలోకా బాబాయ్?"

"నా చేతిలోకే. వాళ్ళ ప్రతినిధి జుహైర్ కూడా లోపలే ఉన్నాడు. వాళ్ళు బెదిరిస్తే ముందు జుహైర్‌ని బెదిరించాలి. పాపం, మూత్రానికి ఆగలేక చచ్చాడు."

తర్వాత జరిగింది ఆయన నింపాదిగా చెప్పుకొచ్చాడు. బయటి నుంచి వడ్రంగి వచ్చేదాకా ఇద్దరికీ పనేమీ లేదు. నాలుగు నెలలుగా తెమలని ఆరో పేరా, అంటే బావి పేరా, అప్పుడు తెమిలింది. కేకలు వినబడకపోవడంతో బయటివాళ్ళు కంగారు పడ్డారు గానీ, లోపల ఇద్దరూ చొక్కాలు విప్పుకుని పటం మీద ఉప్పుమడుల దారిని కొలుస్తున్నారు. బావిని వదులుకుని ఆ దారి తీసుకుందామని అడిగింది ఖలఫే. సముద్రానికి పోయే దారి అది. బావి రెండు మైళ్ళు ఉత్తరాన, ఎటూ అవతలి వైపే ఉందని పటం చెప్పింది గనక, పోయేదేమీ లేదనుకుని, గీత బావికి ఇవతలి నుంచే పోవాలని పేరాలో రాయించాడు. ఆ చోటుకి వెళ్ళి ఒకసారి చూసి రమ్మని ఎవరినీ పంపలేదు.

"అది నా తప్పే," అని బెండకాయ తొడిమ తీసి పారేశాడు. "పిరికివాణ్ణి మాత్రం కాను."

షురూఖ్ లేచింది. కాగితం సంచీలో పెట్టుకుంటుంటే ఆయనే అడిగాడు, సరిహద్దు స్తంభాల కాగితాలు చూశావా అని. లేదంది. "ఎవరూ చూడరు, నెయ్యి వాసన కదా," అన్నాడు.

ఆ వాసన సంగతి ఆమెకు పాత దస్తావేజుల గదిలో అర్థమైంది. ఏటా శీతాకాలంలో రెండు దేశాల ఉమ్మడి సంఘం సరిహద్దు స్తంభాలన్నీ నడిచి చూసి, సున్నం వేయించి, చివరి స్తంభం దగ్గర గొర్రెను కోసి అన్నం వండించుకుంటుంది. తిన్న తర్వాతే నివేదిక మీద సంతకాలు. అందుకే ముప్పై ఏళ్ళ నివేదికల మీదా నెయ్యి మరకలు. ప్రతి ఏటా అవే మాటలు: స్తంభాలు చూశాం, అభ్యంతరం లేదు. షురూఖ్ ముక్కు మూసుకుని ఒక్కొక్కటే తిప్పింది. ఇరవై రెండేళ్ళ క్రితంది వచ్చేసరికి ముక్కు వదిలేసి రెండు చేతులతో కాగితాన్ని ఎత్తి పట్టుకుంది.

గురువారం పొద్దున మంత్రి గదిలో ముగ్గురే ఉన్నారు. ఖలఫ్ తెల్లటి అంగరఖా తొడుక్కుని వచ్చాడు. రాకాన్ తండ్రితో ఆయనకి పాత స్నేహం. అందుకే మంత్రి గద్దించలేక బుజ్జగింపుకి దిగాడు. మూడు వాక్యాలే కదా, దేశం కోసమే కదా, ఎవరూ మిమ్మల్ని తప్పు పట్టరు, ఆ రోజు గదిలో జరిగింది ఇప్పుడు చెప్పడానికి జుహైర్ కూడా లేడు, పోయి తొమ్మిదేళ్ళయింది అన్నాడు.

"చచ్చినవాడి మీద అబద్ధం చెప్పమంటావా, రాకాన్?" అన్నాడు ఖలఫ్. గొంతు పెంచలేదు. "తలుపు పిడి ఊడిందని ఆ వడ్రంగి కూలి కాగితం వాళ్ళ దగ్గర ఉండి ఉంటుంది. అది బయట పెడితే నువ్వూ నేనూ ఏ మొహం పెట్టుకుంటాం?"

మంత్రి షురూఖ్ వైపు తిరిగాడు. ఆమె ముందు రోజంతా మనసులో పేర్చుకున్నదాన్ని మెల్లగా చెప్పింది. చెల్లదని ఊరికే ప్రకటించేస్తే సరిపోదు. కారణాలతో పొరుగు దేశానికి రాసి పంపాలి, కనీసం మూడు నెలలు ఆగాలి. వాళ్ళు ఒప్పుకోరు. అప్పుడు మధ్యవర్తులు, వాదనలు, ఏళ్ళు. అవన్నీ గెలిచినా అసలు చిక్కు వేరే ఉంది. ప్రతినిధిని బెదిరించారన్న వాదన గెలిస్తే ఒప్పందంలో నచ్చిన పేరా ఉంచుకుని, నచ్చనిది తీసేయడానికి లేదు. మొత్తం పోతుంది.

"మొత్తమంటే?"

"ఉప్పుమడుల దారి కూడా, అయ్యా."

మంత్రి అంతవరకూ వాలి కూర్చున్నవాడు నిటారుగా అయ్యాడు. రేవుకి పోయే లారీలన్నీ ఆ దారినే పోతాయి. ఆ లారీల్లో సగం ఆయన జిల్లావే.

"పోనీ, పొరపాటు అందాం. బావి పేరా ఒక్కటే తీయిద్దాం."

"పటం మనమే గీశాం అయ్యా. అది ఒక అడ్డు. రెండో అడ్డు ఇది." ఆమె నెయ్యి మరకల కాగితాన్ని బల్ల మీద పెట్టింది. "పొరపాటు తెలిసిన తర్వాత కూడా ఒప్పందాన్ని ఒప్పుకుంటూ పోతే, ఇక ఆ మాట ఎత్తే హక్కు పోతుంది."

మంత్రి చదివాడు. హనష్ బావి పటంలో చూపిన చోట లేదని, రెండు మైళ్ళు దక్షిణాన ఉందని ఉమ్మడి సంఘం గమనించింది. సరిహద్దు గీత మీద ఎవరికీ అభ్యంతరం లేదు. పెద్దలు వేరే ఏర్పాటు చేసేదాకా రెండు వైపుల కాపరులూ మునుపటిలాగే నీళ్ళు తోడుకోవచ్చు. కింద సంతకం: రాకాన్, ఉపజిల్లా అధికారి. పక్కనే వేలిముద్రంత నెయ్యి మరక.

మంత్రి ఆ మరకను బొటనవేలితో రుద్ది చూశాడు. షురూఖ్ తన ఉద్యోగం గురించి ఆలోచించడం మొదలుపెట్టింది.

"ఆ రోజు అన్నం బాగుంది," అన్నాడు మంత్రి చివరికి. "నేను చదవకుండా పెట్టేశాను."

"అందరూ అంతే," అన్నాడు ఖలఫ్. "అందుకే ఒప్పందాలు బతుకుతాయి. పెళ్ళినాటి లోపాలు ఏరుకుంటూ కూర్చుంటే ఊళ్ళో ఒక్క కాపురం మిగలదు. మనం ఒకటి కొట్టేయిస్తే, రేపు వాళ్ళు మన బీరువాలోంచి రెండు తీస్తారు. ఎవరి బీరువాలో పటాలు సరిగ్గా ఉన్నాయి గనక?"

మంత్రి నవ్వాడు. నవ్వి, మళ్ళీ కాపరులు గుర్తొచ్చి మొహం ముడుచుకున్నాడు. వాళ్ళకేం చెప్పాలి?

షురూఖ్ వేలు చివరి వాక్యం మీద పెట్టింది. పెద్దలు వేరే ఏర్పాటు చేసేదాకా. ఆ ఏర్పాటు ఇరవై రెండేళ్ళుగా ఎవరూ చేయలేదు, అంతే. గీతను కదపనక్కర్లేదు, ఒప్పందాన్ని చంపనక్కర్లేదు. బావి నీళ్ళ మీద చిన్న అనుబంధ ఒప్పందం అడిగితే చాలు. కాపరులు తోడుకోవచ్చని వాళ్ళ మనిషి కూడా ఇదే కాగితం మీద సంతకం పెట్టాడు కాబట్టి కాదనడం వాళ్ళకీ కష్టమే.

మంత్రి ఒప్పుకున్నాడు. ప్రమాణపత్రాన్ని తనే నాలుగు ముక్కలు చేశాడు. కానీ పత్రికలవాళ్ళు అడుగుతారు కదా, బావి అవతలికి ఎలా పోయిందని? ఆ మాట తన నోట రాకూడదని ఆయన మొహమే చెబుతోంది.

"నేను చెబుతాను," అన్నాడు ఖలఫ్. "జరిగింది జరిగినట్టు రాయి తల్లీ."

ఆమె పక్క గదిలో కూర్చుని రాసింది. మమ్మల్ని ఎవరూ బెదిరించలేదు, ఎవరూ మోసగించలేదు, పటం మాది, ఆ చోటు చూసి రమ్మని మనిషిని పంపకపోవడం నా చిన్న పొరపాటు. ఖలఫ్ ఈసారి కళ్ళజోడు పెట్టుకుని చదివాడు. కలం తీసి సంతకం పెట్టబోయి ఆగాడు.

"'చిన్న' ఎవరు పెట్టమన్నారు?"

"నేనే పెట్టాను బాబాయ్."

"తీసెయ్."

ఆమె తీసేసి మళ్ళీ అచ్చు వేసి తెచ్చేదాకా ఆయన కలం మూత పెట్టకుండా అలాగే పట్టుకుని కూర్చున్నాడు.