అవకాశం ఒక్కటే

ఇంజినీరింగ్ ఎంట్రన్స్ పీఈటీ ఫలితాలు పేపర్లో వచ్చిన రోజే, ఆ పేపర్ల మధ్యలో గురునాథరావు కోచింగ్ సెంటర్ పాంప్లెట్ కూడా ఇంటింటికీ వెళ్ళింది. పైన పెద్ద హిందీ అక్షరాలు: ‘మౌకా ఏక్ హీ హై’. అవకాశం ఒక్కటే.

ఆ మాట వద్దని కెమిస్ట్రీ చెప్పే హైమవతి ముందే అంది.

“పిల్లలు హడలిపోతారు మాస్టారూ.”

“హడలితేనే చేరతారమ్మా,” అన్నాడాయన.

తొమ్మిదింటికి ఉక్కు ఫ్యాక్టరీ కోక్ ఓవెన్‌లో పనిచేసే తాతబ్బాయి, డ్యూటీ బట్టలతోనే కోహ్కాలోని సెంటర్‌కి పరిగెత్తుకొచ్చాడు. చేతిలో ఆ పాంప్లెట్ నలిగిపోయి ఉంది.

“మా పాప కృష్ణప్రియ ఇక్కడికొచ్చిందేటి? నంబరు లేదు పేపర్లో. ఈ కాయితం మంచమ్మీద పడీసి ఎల్లిపోనాది.”

కృష్ణప్రియ రెండేళ్ళు గురునాథరావు దగ్గరే చదివింది. తాతబ్బాయి మరోదా చెరువు వైపు పరిగెత్తాడు. మాస్టారు స్కూటర్ తీశాడు. హైమవతి వెనక కూర్చుంది. సెక్టర్ 7లో స్నేహితురాలి ఇంట్లో లేదు. లైబ్రరీలో లేదు.

దుర్గ్ స్టేషన్లో దొరికింది. విశాఖ వెళ్ళే బండి కోసం, ఒళ్ళో సంచి పెట్టుకుని బెంచీ మీద కూర్చుంది. అమ్మమ్మ దగ్గరికట.

“నాన్నకి నా మొహం ఎలా చూపించను సార్? ఇంకో ఛాన్స్ లేదని మీరే రాశారుగా.”

“మళ్ళీ రాయొచ్చమ్మా. వచ్చే ఏడాది...”

“మీకు తెలుసా సార్ ఆ సంగతి?” అమ్మాయి తలెత్తి చూసింది. “తెలిసే అలా రాశారా?”

ఆయన తల దించుకున్నాడు.

పిల్లని ఇంట్లో దింపి వచ్చేసరికి సెంటర్ బయట బోర్డు మీద పెయింటర్ అదే మాట సగం రాసేశాడు. గురునాథరావు ఆపించాడు.

“భయం వద్దు, మేమున్నాం అని రాయిద్దామా?”

“అది ఎవరైనా రాసుకోవచ్చు మాస్టారూ,” అంది హైమవతి. “నమ్మమని అడక్కుండా, చూసుకోమని రాద్దాం. ఎంతమంది చేరారు, ఎంతమందికి సీటొచ్చింది, రెండూ.”

“యాభై రెండుకి తొమ్మిది! సెంటర్ మూసుకోవాల్సిందే.”

పెయింటర్ కుంచె పట్టుకుని ఎదురుచూస్తున్నాడు. మాస్టారు అటు తిరిగి, “రాయి భయ్యా,” అన్నాడు. ‘చేరినవారు 52. సీట్లు 9. రెండూ చెబుతాం.’ హిందీలో, తెలుగులో.

ఆ నెల అడ్మిషన్లు సగానికి పడిపోయాయి. మాస్టారు రోజూ బోర్డు చూసి లోపలికొచ్చేవాడు.

ఓ సాయంత్రం తాతబ్బాయి వచ్చి బోర్డు ముందు నిలబడ్డాడు.

“మిగతా నలభై ముగ్గురూ ఏటైపోనారు మాస్టారూ?”

గురునాథరావు లోపలికి పిలిచి కుర్చీ జరిపాడు. హాజరు పుస్తకం తీసి ఒక్కో పేరూ చదివి చెప్పాడు: పాలిటెక్నిక్‌లో ఒకడు, బీఎస్సీలో ఇద్దరు, మళ్ళీ రాస్తున్నవాళ్ళు పదకొండు మంది. మిగతావాళ్ళ సంగతి తనకి తెలీదన్నాడు.

తాతబ్బాయి అంతా విన్నాడు.

“రేపు పాపని పంపుతాను,” అన్నాడు.

“ముందు తనని అడగండి, వస్తుందో రాదో,” అంది హైమవతి.