చిన్నదాని బరువు, వసుంధర పాలు

డాక్టరు బర్నబాస్ గారు కోడిగుడ్డుకు ఈకలు పీకే రకమని తెనాలిలో అందరికీ తెలుసు. తొంభై ఏడులో నేను ఆయన నర్సింగ్ హోములో జూనియర్ డాక్టరుగా చేరాక ఆ ఈకలన్నీ నాచేతే పీకించేవారు. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డ కేసు షీటులో ‘బరువు పెరుగుతోంది’ అని రాస్తే ఆయనకు ఒళ్ళు మండేది.

"ఎంత పెరిగింది కరుణా? కిలోకి, రోజుకి లెక్కగట్టి రాయి. ఏం తాగింది, ఎంత తాగింది, అదీ రాయి. మందు సంగతి ఆ తర్వాత."

నాకూ కోపం తక్కువేం కాదు. అయినా ఆయన మీద ఎక్కువసేపు నిలిచేది కాదు. మూడు పిడికిళ్ళంత లేని బిడ్డను ఎత్తుకునేటప్పుడు ఆ పెద్ద చేతులు ఎంత మెత్తబడేవో రోజూ చూసేదాన్ని.

వసుంధర బిడ్డ రెండు నెలలు ముందే తొందరపడి బాపట్లలో పుట్టింది. అక్కడినుంచి మా దగ్గరికి తెచ్చారు. పిట్టలవానిపాలెం రైతు కుటుంబం. పేరు ఇంకా పెట్టలేదు గనక అందరికీ అది చిన్నదే. రొమ్ము పట్టే ఓపిక లేదు. అందుకని వసుంధర పాలు పిండి ఇచ్చేది, మేము సన్నని గొట్టం ద్వారా రెండు గంటలకోసారి పట్టేవాళ్ళం. పిండిన పాలు గిన్నెల్లో మూతపెట్టి ఫ్రిజ్‌లో ఉంచి, వేడినీళ్ళలో నిలబెట్టి చలి విరిచి నర్సుకు అందించే పని వసుంధర అత్తగారు వెంకటరత్నమ్మది. పాల దగ్గర ఆవిడ శుభ్రం చూసి నర్సులే సిగ్గుపడేవారు. ఇంట్లో ఆరు గేదెలున్న మనిషి మరి.

ఆ సోమవారం పొద్దున బట్టలన్నీ విప్పి, పాలు పట్టకముందే, ఎప్పటి త్రాసులోనే చిన్నదాన్ని తూచాను. పదమూడు వందల డెబ్బై గ్రాములు. అంతకు ముందు సోమవారం పదమూడు వందలు. వారానికి డెబ్బై గ్రాములంటే రోజుకి పది. సగటు బరువుతో భాగిస్తే కిలోకి రోజుకి ఏడున్నర. కనీసం పదిహేను రావాలి. తల చుట్టుకొలత కూడా పావు సెంటీమీటరే పెరిగింది. జ్వరం లేదు, కక్కడం లేదు, పొట్ట ఉబ్బరం లేదు. పాలు కిలోకి రోజుకి నూట డెబ్బై అయిదు మిల్లీలీటర్లు పోతున్నాయి. కొలత సరిగ్గానే ఉంది, పెరుగుదల సగమే ఉంది.

తల్లిపాలలో కలిపే బలం పొడి, ఫార్టిఫయరు, మద్రాసు నుంచి అప్పుడప్పుడే రావడం మొదలైంది. మాంసకృత్తులు, కాల్షియం, భాస్వరం ఉంటాయి. నేను డబ్బా దించి, ‘ఫార్టిఫయరు మొదలుపెట్టాలి’ అని రాయబోయాను.

"తప్పని అనను. ఇలాంటి బిడ్డలకి చాలామందికి అది కావాల్సి వస్తుంది," అన్నారు బర్నబాస్ గారు. "కాకపోతే ఇంత పాలు తాగే బిడ్డ ఇంత తక్కువ పెరగడమేంటి? పాలు కొలిచావు. చూశావా?"

ఈయన చాదస్తం తగలెయ్యా అనుకున్నాను. పాలల్లో చూడటానికేముంది?

ఈలోపు డబ్బా సంగతి వార్డంతా పాకింది. ఊరినుంచి చూడవచ్చిన చుట్టాలు తలో మాటా విసిరారు. పాలల్లో సత్తువ లేదట, తల్లి ఎండుపుల్లలా ఉంటే పాలెలా ఉంటాయట. ఉరుము ఉరిమి మంగలం మీద పడ్డట్టు నింద వసుంధర మీద పడింది. ఆ మధ్యాహ్నం పిండిన పాలు గిన్నెలో సగానికి కూడా రాలేదు.

"పోనీ ఆ పొడి పాలే పట్టెయ్యండి మేడమ్. నావి ఆపేస్తాను," అంది గోడవైపు తిరిగి.

కలిపే పొడి తల్లిపాలకు తోడేగాని వాటికి బదులు కాదు. ఈ పిల్ల దిగులుతో పాలు ఎండబెట్టుకుంటే చిన్నదానికి ఏ డబ్బా ఆ లోటు తీర్చలేదు. నచ్చజెప్పాను, గదమాయించాను కూడా. తల ఊపింది గానీ నమ్మలేదు.

విసుగ్గా వరండాలోకి వచ్చేసరికి పెరట్లో వెంకటరత్నమ్మగారు కనబడ్డారు. ఎడమచేతిలో చిన్న గిన్నె, కుడిచేతిలో చెంచా. గిన్నెలోది జాగ్రత్తగా మందార మొదట్లో వంచుతున్నారు.

"ఏంటండీ అది?"

"మీగడమ్మా. చనుబాలు కదా, ఎవరూ తొక్కకూడదని చెట్టుకి పోస్తన్నా."

"ఎవరి పాల మీగడ?"

"మా వసుంధరవే. ఫ్రిజ్‌లో పెడితే పైకి తేలుద్ది కదా. గుప్పెడంత బిడ్డ, అంత చిక్కన ఏం అరిగించుకుంటది? మా ఇళ్ళల్లో పసిబిడ్డలకి గేదెపాలు పట్టాల్సొస్తే మీగడ తీసే పడతాం. పూటపూటా తీసేత్తన్నాను."

తల్లిపాల బలంలో సగం ఆ వెన్నలోనే ఉంటుంది. పాలు సమృద్ధిగా ఉండేవి గనక, మీగడ పోయినా కొలత తగ్గలేదు. బిడ్డ పొట్ట నిండింది, ఒళ్ళు నిండలేదు. అరవాలనుకున్నాను గానీ ఆవిడ ముఖంలోని ప్రేమ చూసి ఆగిపోయాను. మెల్లగా చెప్పాను. ఆవిడ చెంచాను చీరకొంగులో చుట్టేసుకుని, "ఎంత పని చేశానమ్మా," అని కళ్ళు తుడుచుకున్నారు.

బర్నబాస్ గారు తిట్టలేదు, నవ్వలేదు. "రాయి," అన్నారు. రాశాను: ‘బరువు పెరుగుదల కిలోకి రోజుకి ఏడున్నర గ్రాములు. చాలదు. కారణం, నిలవ పాలపై తేలిన మీగడ తీసివేయడం. ఇకపై గిన్నెను మెల్లగా తిప్పి, మీగడ కలిపి పట్టాలి. కాల్షియం, భాస్వరం, విటమిన్ డి చుక్కలు కొనసాగించాలి. ఫార్టిఫయరు ప్రస్తుతానికి మొదలుపెట్టడం లేదు. వారంలోగా పదిహేను అందకపోతే సగం మోతాదుతో మొదలు.’

వసుంధరకు విషయం చెప్పాం. "మా అత్తయ్య నన్ను ఓదార్చడానికి అలా చెబుతున్నారేమో," అంది. పాలు మాత్రం పిండుతూనే ఉంది. ఏడుస్తూ పిండింది, ఏడవకుండా పిండింది. ఆ వారమంతా గిన్నె సరిగ్గా అవసరానికి అందీ అందనట్టుగా నిండేది. నర్సు గిన్నె తిప్పుతుంటే వెంకటరత్నమ్మగారు రెండు చేతులూ వెనక కట్టుకుని దూరంగా నిలబడేవారు.

మరుసటి సోమవారం వసుంధర, వాళ్ళ అత్తగారు, నేను త్రాసు చుట్టూ చేరాం. పదిహేను వందల ఇరవై అయిదు. నమ్మక మళ్ళీ తూచాను. అంతే. భాగించాను. కిలోకి రోజుకి పదిహేను గ్రాములు దాటింది. తల దాదాపు సెంటీమీటరు పెరిగింది. ‘ఫార్టిఫయరు ఇప్పుడు అవసరం లేదు. తల్లిపాలు, మీగడతో సహా. వారం వారం తిరిగి లెక్క చూడాలి,’ అని రాసి, ఆ ఇంగ్లీషు ముక్కలు వసుంధరకు తెలుగులో చదివి వినిపించాను.

"అయితే నా పాలు మంచియ్యేనా మేడమ్?"

నేను జవాబు చెప్పబోతుంటే వెంకటరత్నమ్మగారు అడ్డొచ్చారు. కోడలి తల తన పొట్టకు ఆనించుకున్నారు.

"మంచియ్యేంటే పిచ్చిదానా. గేదెపాల మీద కూడా అంత మీగడ నేను చూళ్ళేదు. రోజూ చూసి మురిసిపోయేదాన్ని. నోటితో అంటే నా దిష్టే తగులుద్దని చెప్పలేదమ్మా."

వసుంధర ఆవిడ నడుం చుట్టూ చేతులు వేసి ఏడ్చింది. ఏడుస్తూ ఏడుస్తూ ఒక్కసారి ఆగి, జాకెట్టు తడిసిపోతోంది, గిన్నె ఇవ్వండి అత్తయ్యా అంది.