కాలువ రేకులో మేకులు

కుట్టుమిషన్ ఆవిడ దగ్గర్నుంచి పెంకుల మేస్త్రికి కబురు వచ్చింది. ఆవిడ ఇంటి కప్పు మళ్లీ కారుతోందట. మిషను మీదే చుక్కలు పడుతున్నాయట. కారే కప్పులు అతనికి కొత్త కాదు. పాతికేళ్లుగా అదే పని. కానీ ఆ ఇంటి వీధిలోకి అడుగుపెట్టి పన్నెండేళ్లయింది.

ఆ కప్పు వేసింది అతనూ, అతని బావమరిదీ. పెంకుల పని అతనిది, రేకు పని బావమరిదిది. మేస్త్రి వాసాల మీద, పెంకులు ఆనే సన్న కర్ర రీపర్లు కొట్టి కింద చూరు నుంచి పైకి ఒక్కో వరసా పేర్చుకుంటూ పోతే, బావమరిది వెనకే వచ్చి మూలలు సర్దేవాడు. ఇద్దరికీ మాటలతో పనుండేది కాదు. ఒకడు చెయ్యి చాపితే రెండోవాడు కావలసింది అందించేవాడు.

ఆ ఇంటికి ముందుగది తర్వాత కలిపారు. పాత కప్పు వాలూ కొత్త గది వాలూ ఒకచోట కలిసి, మధ్యలో ఏటవాలుగా పల్లం ఏర్పడింది. రెండు వైపుల నీళ్లూ ఆ పల్లంలోకే దిగాలి. అందుకని అక్కడ పెంకుల కింద బావమరిది కాలువలా వంచిన రేకు వేశాడు. మొదటి వానకే గది కారింది. ఆవిడ ముందరా, అన్నం క్యారేజీ పట్టుకొచ్చిన భార్య ముందరా మేస్త్రి నోటికొచ్చినట్టు మాట్లాడాడు. రేకు అతకడం చేతకానివాడివి నా వెంట ఎందుకు తిరుగుతావన్నాడు. బావమరిది తలెత్తలేదు. కత్తెర, సుత్తి సంచిలో వేసుకుని నిచ్చెన దిగి వెళ్లిపోయాడు. మేస్త్రి పెంకులైనా తీయకుండా, సందులోంచి ఆ రేకు మీద వేడి తారు పోశాడు. కారడం ఆగింది. ఆగింది కాబట్టి తన మాటే నిజమనుకున్నాడు.

ఆ తర్వాత ఇంకెవరినీ జతకి పెట్టుకోలేదు. భార్య ఉన్నన్నాళ్లూ ఆవిడే రెండిళ్ల మధ్యా తిరిగేది. ఆవిడ పోయి నాలుగేళ్లయింది. ఇప్పుడు పొద్దున్నే పొయ్యి వెలిగించుకోవడం, నిచ్చెన భుజాన వేసుకోవడం, సాయంత్రం వచ్చి తాళం తీసుకోవడం. మధ్యలో ఎవరైనా పిలిచి మాట్లాడితే మాట్లాడినట్టు, లేకపోతే లేదు.

అతను వెళ్లగానే కుట్టుమిషన్ ఆవిడ లోపలికి తీసుకెళ్లి కప్పు చూపించింది. ఈ మధ్య ఇద్దరు పనివాళ్లు వచ్చి వెళ్లారని చెప్పింది. ఒకడు చుక్క పడేచోటికి సరిగ్గా పైనున్న పెంకులు మార్చాడు. రెండోవాడు కప్పు శిఖరాన ఉండే కొప్పు పెంకుల కింద సిమెంటు మెత్తాడు. వాన మాత్రం తన దారిన తాను లోపలికి వస్తూనే ఉంది.

"చుక్క పడేచోట చిల్లు ఉండదమ్మా. నీరు ఎక్కడో దూరి, కర్ర పట్టుకుని నడిచొచ్చి ఇక్కడ పడుతుంది" అన్నాడు మేస్త్రి.

ఎత్తుపీట వేసుకుని ఎక్కి, మిషను పైనున్న వాసాన్ని వేలితో తడిమాడు. కింది అంచున నల్లటి చార ఉంది. ఆ చార వెంట చూపు పైకి పోనిస్తే, రెండు బారల అవతల సరిగ్గా ఆ పల్లం కిందికి చేరింది. బావమరిది రేకే. పన్నెండేళ్లకైనా తన మాట రుజువయిందని మనసులో ఓ మూల చిన్న సంతోషం కలిగింది. అలా కలిగినందుకు సిగ్గూ వేసింది.

కప్పెక్కి పల్లానికి రెండు పక్కలా పెంకులు ఊడదీశాడు. కోసిన పెంకుల అంచులు దాదాపు ఒకదానికొకటి తగులుతున్నాయి. మధ్య సందులో కుళ్లిన ఆకులు గట్టిగా కూరుకుని, నీటికి అడ్డుకట్ట కట్టాయి. ఆకులు తీసి, తారు గీకాడు.

రేకు బయటపడింది. పై ముక్క కింది ముక్క మీదికి జానెడుకి పైగా ఎక్కి ఉంది. అతుకులో మచ్చ లేదు. రెండు అంచులూ నీరు పొర్లకుండా పైకి మడిచి ఉన్నాయి. కానీ ఒకచోట ఆ మడత నలిగిపోయి ఉంది. దాని మీదుగా రెండు రీపర్ల కొసలు రేకులోకి చొచ్చుకొచ్చాయి. ఒక్కో కొసలో రెండేసి మేకులు, రేకులోంచి కిందికి దిగి ఉన్నాయి. వాటి చుట్టూ తుప్పు తిని వేలు దూరేంత చిల్లులు పడ్డాయి.

మేస్త్రిది ఎడమచేతి వాటం. అతను కొట్టిన మేకు తల ఎప్పుడూ ఒక పక్కకి ఒరుగుతుంది. ఆ నాలుగూ అలాగే ఒరిగి ఉన్నాయి.

అప్పుడు గుర్తొచ్చింది. కోసిన పెంకులు నిలవడం లేదని, రీపర్లు ఇంకో జానెడు ముందుకి సాగదీసింది తనే. రేకు మధ్యలో మేకు కొట్టకూడదని తెలియక కాదు. మబ్బు పట్టింది, తొందర. బావమరిది అప్పుడు కింద కొప్పు పెంకులు ఏరుతున్నాడు. ఆ తర్వాత పోసిన తారు అతుకుతో పాటు ఈ మేకుల మీదికీ పారింది. అందుకే కొన్నాళ్లు కారడం ఆగింది.

చాలాసేపు కప్పు మీదే కూర్చుండిపోయాడు. కింద మిషను చప్పుడు ఆగుతూ, మళ్లీ మొదలవుతూ ఉంది.

దిగొచ్చి ఆవిడతో సంగతి దాచకుండా చెప్పాడు. ఆ రోజు తను తిట్టిన మనిషి తప్పేమీ లేదన్నాడు. ఆవిడ గుడ్డ పక్కన పెట్టి, "నాకు చెప్తే ఏం లాభం మేస్త్రీ? చెప్పాల్సిన వాళ్లకి చెప్పండి" అంది.

బావమరిది ఊరికి అటు చివర రేకుల షెడ్లకి కావలసినవి వంచి ఇచ్చే కొట్టు పెట్టుకున్నాడు. జుట్టు తెల్లబడింది. కుర్చీ చూపించాడు. మేస్త్రి కూర్చోలేదు. నిలబడే మొత్తం చెప్పాడు. రీపర్లు, మేకులు, తారు, ఏదీ వదల్లేదు.

"తెలుసు బావా" అన్నాడు బావమరిది. "నువ్వు అరుస్తుంటే నా కాలి దగ్గర సందులోంచే కనబడ్డాయి ఆ మేకులు."

"మరి అప్పుడే నా మొహాన అనచ్చుగా?"

"కింద అక్క నిలబడింది."

తన భార్యకి ఈ సంగతి తెలుసా అని మేస్త్రి అడగబోయి మానుకున్నాడు. తెలిసినా, తెలియకపోయినా ఇప్పుడు వెళ్లి ఎవరితో చెప్పుకుంటాడు?

కొత్త రేకు వేస్తున్నానని, ఓసారి వచ్చి చూస్తావా అని అడిగాడు. మోకాళ్లు పోయాయని, నిచ్చెనెక్కి ఆరేళ్లయిందని బావమరిది చెప్పాడు. కొలతలు అడిగి, అంచులు మడిచిన రెండు ముక్కలు తయారు చేసి తాడుతో కట్టి ఇచ్చాడు. గుమ్మం దాకా వచ్చి, "అప్పుడప్పుడు వస్తుండు బావా" అన్నాడు. మేస్త్రి సరేనన్నాడు. వస్తాడో రాడో ఇద్దరికీ తెలియదు.

మర్నాడు ఒంటరిగానే పని మొదలుపెట్టాడు. కొత్త రీపర్లని మడత బయటే ఆపాడు. ముందు కింది ముక్క చూరు దాటేలా పరిచి, దాని మీదికి పై ముక్క జానెడు ఎక్కించాడు. రేకులో ఒక్క మేకూ కొట్టకుండా, అంచు మడతకి చిన్న పట్టీలు తగిలించి వాటికే మేకులు దించాడు. పై ముక్క గాలికి లేస్తుంటే మోకాలితో అదిమిపెట్టి, అలవాటుగా వెనక్కి చెయ్యి చాపాడు. చెయ్యి కాసేపు గాలిలోనే ఉండిపోయింది. తర్వాత తనే ఒంగి పట్టీ అందుకున్నాడు. ఈసారి పెంకుల అంచుల మధ్య బెత్తెడు పైగా ఖాళీ వదిలి కోశాడు, ఆకులు పడినా నీటితో పాటు కొట్టుకుపోయేలా. చివరికి పైనుంచి నాలుగు బిందెల నీళ్లు పోసి, లోపల ఎలా ఉందని అడిగాడు. పొడిగా ఉందని ఆవిడ కిందినుంచి చెప్పింది.

అయినా వారం తర్వాత పెద్దవాన పట్టుకుంటే ఇంట్లో ఉండలేకపోయాడు. గొడుగు వేసుకుని వెళ్లి ఎదురుగా రోడ్డు మీద నిలబడ్డాడు. రెండు వాలుల నీళ్లూ రేకులో కలిసి, చూరు దగ్గర ఒక్క ధారగా దూకుతున్నాయి. ఆవిడ కిటికీలోంచి చూసి లోపలికి పిలిచి, మిషను పక్కనే పీట వేసింది. పైన వాసం పొడిగానే ఉంది. ఇక వెళ్లచ్చు. కానీ వాన తగ్గాక కూడా అతను లేవలేదు. ఆవిడ వెళ్లమనలేదు. ఏమీ అడగకుండా చేతిలోని చొక్కాకి కాలరు కుడుతూ ఉండిపోయింది.